స్థలం ఒంగోలులో, దావా విజయవాడలో: ప్లెయింట్ తిరిగొస్తే కేసు పోయినట్టేనా?

ప్రశ్న: నేను విజయవాడలో టీచర్‌ని. ఒంగోలులో ఒక ఖాళీ స్థలం 36 లక్షలకు కొనడానికి అగ్రిమెంట్ రాసుకుని 9 లక్షలు అడ్వాన్స్ ఇచ్చాం. అమ్మే ఆయన ఉండేది విజయవాడే. అగ్రిమెంట్ రాసింది, డబ్బు ఇచ్చింది కూడా ఇక్కడే. వివాదం వస్తే విజయవాడ కోర్టులకే వెళ్లాలని అందులో రాసుకున్నాం. గడువు తేదీకి ఆయన రిజిస్ట్రేషన్ చేయలేదు. రేపు మాపు అంటూ తిప్పాడు. గడువు దాటిన 2 ఏళ్ల 10 నెలలకు, రిజిస్ట్రేషన్ చేయించి స్థలం స్వాధీనం ఇప్పించాలని ఇక్కడ దావా వేశాం. స్థలం ఇంకెవరికీ అమ్మకుండా ఇంజంక్షన్ కూడా వచ్చింది. మొదట ఆయన కోర్టు గురించి ఏమీ అనలేదు. 14 నెలలు గడిచి, నా సాక్ష్యం రాసి ఇచ్చే చీఫ్ అఫిడవిట్ కూడా అయ్యాక, ఈ కోర్టుకు అధికారం లేదని పిటిషన్ వేశాడు. జడ్జి గారు ఒప్పుకుని, ప్లెయింట్, అంటే మా దావా పత్రం, తిరిగి ఇచ్చేస్తామని గత వారం చెప్పారు. కాగితాలు ఇంకా చేతికి రాలేదు. మూడేళ్ల గడువు ఎప్పుడో దాటింది కదా, మా కేసు పోయినట్టేనా? ఒంగోలులో మళ్లీ ఫీజు కట్టాలంటే 9 లక్షల మీదే కట్టొచ్చా? ఇదంతా వదిలేసి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని మా బావగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ కేసు పోలేదు. కానీ మీ చేతిలో ఉన్న సమయం తక్కువ. అందుకే అచ్చయ్యేదాకా ఆగకుండా ఈ జవాబును ముందే మీకు పంపించాం. మీలాగే ఇరుక్కున్నవాళ్లు చాలామంది ఉంటారని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

జడ్జి గారు కాదన్నది మీ హక్కును కాదు. ఆ హక్కు సంగతి ఆయన ఇంకా చూడనేలేదు. చూసే అధికారం తనకు లేదన్నారు, అంతే. అందుకే ప్లెయింట్‌ను కొట్టేయడం లేదు, తిరిగి ఇస్తున్నారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఈ రెండూ వేరు వేరు. ఆర్డర్ 7, రూల్ 10 కింద తిరిగి ఇవ్వడమంటే సరైన కోర్టుకు తీసుకువెళ్లమని చెప్పడం. రూల్ 11 కింద తిరస్కరించడమంటే ఈ కాగితం దావాగా నిలబడదని చెప్పడం. మీది మొదటి రకం.

ఇంత పద్ధతిగా వేసిన దావా ఎందుకు నిలవలేదన్న బాధ మీ ఉత్తరంలో కనిపిస్తోంది. ప్రతివాది విజయవాడలో ఉన్నాడు, ఒప్పందం అక్కడే జరిగింది, డబ్బు అక్కడే చేతులు మారింది. ఇది మామూలు డబ్బు బాకీ అయితే విజయవాడ కోర్టే సరైనది. అలాంటి దావాలకు సెక్షన్ 20 వర్తిస్తుంది. ప్రతివాది ఉండే చోటైనా, వ్యవహారంలో కొంత భాగం జరిగిన చోటైనా దావా వేసుకోవచ్చని అది చెబుతుంది. మీ లాయరు గారు ఈ సెక్షన్‌ను దృష్టిలో పెట్టుకునే వేసి ఉంటారు. అయితే సెక్షన్ 20 మొదలయ్యేదే, అంతకు ముందున్న సెక్షన్లకు లోబడి అన్న మాటతో. ఆ ముందున్నవాటిలో సెక్షన్ 16 ఒకటి. స్థిరాస్తి స్వాధీనం, పంపకం, తాకట్టు, ఆస్తిలో హక్కు తేల్చడం లాంటివి ఆ ఆస్తి ఎక్కడుందో అక్కడి కోర్టులోనే నడవాలని అది నిర్దేశిస్తుంది. మీరు స్వాధీనం అడిగారు. స్థలం ఒంగోలులో ఉంది. అగ్రిమెంట్ ఎక్కడ రాసుకున్నారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఈ నియమం వెనుక కారణం లేకపోలేదు. డిక్రీ వచ్చాక అమీను వెళ్లి కొలిచి, ఉన్నవాళ్లను ఖాళీ చేయించి, స్థలం మీకు అప్పగించాలి. ఆ నేల ఏ కోర్టు హద్దుల్లో ఉంటే ఆ కోర్టే ఆ పని చేయించగలదు. సరిహద్దు రాళ్లు, పక్క స్థలాల వాళ్లు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డులు అన్నీ అక్కడే ఉంటాయి.

మరి విజయవాడ కోర్టులకే వెళ్లాలని ఇద్దరూ సంతకాలు పెట్టారు కదా అంటారు. ఆ షరతుకు ఉన్న బలం చాలామంది అనుకునేదానికన్నా తక్కువ. చట్టప్రకారం రెండు మూడు కోర్టులకు అధికారం ఉన్నప్పుడు, వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది. అసలు అధికారమే లేని కోర్టుకు పార్టీల ఒప్పందం అధికారం తెచ్చిపెట్టలేదు. సుప్రీంకోర్టు 1971లోనే ఈ సంగతి తేల్చింది. అమ్మకపు అగ్రిమెంట్లు రాసేవాళ్లు ఇప్పటికీ పాత నమూనా చూసి ఈ వాక్యం దించేస్తుంటారు. స్థలం ఒక జిల్లాలో, ఈ వాక్యంలో ఇంకో ఊరు ఉంటే కొనేవాళ్లు దాన్నే నమ్ముకుని నష్టపోతారు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇక ఆయన మొదట్లో నోరు మెదపకుండా 14 నెలల తర్వాత అభ్యంతరం పెట్టడం. ఇది అన్యాయంగా అనిపించడం సహజం. చట్టం కూడా దీన్ని కొంతవరకు పట్టించుకుంది. ఏ ఊరి కోర్టు అన్న అభ్యంతరాన్ని వీలైనంత త్వరగా, కోర్టు తేల్చాల్సిన అంశాలు, అంటే ఇష్యూలు, ఖరారయ్యే లోపే లేవనెత్తాలని సెక్షన్ 21 చెబుతుంది. అలా సమయానికి లేవనెత్తి ఉండి, పైగా దానివల్ల న్యాయం జరగకుండా పోయిందని చూపిస్తేనే అప్పీలులో దాన్ని వింటారు. దావా విలువకు సంబంధించిన అభ్యంతరానికీ 1976 సవరణతో ఇదే నియమం పెట్టారు. అయితే దాదాపు మీ పరిస్థితే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటుంది. ప్లాటు గుర్‌గావ్‌లో. అమ్మే కంపెనీ ఆఫీసు, ఒప్పందం, చెల్లింపులు అన్నీ ఢిల్లీలో. వివాదాలకు ఢిల్లీ కోర్టులే అన్న షరతూ ఉంది. 1988లో ఢిల్లీలో దావా వేశారు. కంపెనీ మొదట ఢిల్లీ కోర్టు అధికారాన్ని ఒప్పుకుంటూ జవాబు వేసి, కొన్నేళ్ల తర్వాత దాన్ని సవరించి అభ్యంతరం పెట్టింది. 2005లో సుప్రీంకోర్టు, ప్లాటు గుర్‌గావ్‌లో ఉంది గనుక ఢిల్లీ కోర్టుకు అధికారం లేదని, ప్లెయింట్ తిరిగి ఇవ్వడం సబబేనని తీర్పు చెప్పింది. అవతలి పక్షం ఒప్పుకున్నా, ఆలస్యం చేసినా, లేని అధికారం పుట్టదన్నది అక్కడ తేలిన విషయం. 17 ఏళ్లు గడిచాక కొనుగోలుదారు మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడాల్సి వచ్చింది. మీకు 14 నెలలకే తెలిసింది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, ఒంగోలుకు వెళ్లడం. నా దృష్టిలో బలమైన దారి ఇదే. ఇందులో మీకు ఊపిరి పోసేది 1963 లిమిటేషన్ చట్టంలోని సెక్షన్ 14. ఇలాంటి దావాకు గడువు మూడేళ్లు. అగ్రిమెంట్‌లో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అవతలివాడు కాదన్నాడని తెలిసిన రోజు నుంచి లెక్క. మీకు తేదీ ఉంది. దావా వేసేనాటికి 2 ఏళ్ల 10 నెలలు ఖర్చయ్యాయి, అంటే రెండు నెలలు మిగిలాయి. అధికారం లేని కోర్టులో సద్బుద్ధితో, తగిన శ్రద్ధతో అదే విషయం మీద పోరాడిన కాలాన్ని లెక్కలోంచి తీసేయాలని సెక్షన్ 14 చెబుతుంది. కాబట్టి విజయవాడలో గడిచిన 14 నెలలు మినహాయింపులోకి వస్తాయి. దావా వేసిన రోజు, అది ముగిసిన రోజు రెండూ ఆ మినహాయింపులో చేరతాయి. అప్పుడు మిగిలిన ఆ రెండు నెలలే మళ్లీ నడక మొదలుపెడతాయి. కొత్తగా మూడేళ్లు రావు. చాలామంది ఇక్కడే పొరబడతారు. తిరిగొచ్చిన ప్లెయింట్ చేతిలో పెట్టుకుని పండగ అయ్యాక చూద్దాంలే అని కూర్చుంటారు. మీరు రెండు నెలలున్నాయని లెక్క వేసుకోకండి, పది రోజులే ఉన్నాయనుకుని పని చేయండి.

ఈ మినహాయింపు దానంతట అదే రాదు. గడువు దాటిన దావాను ఏ కారణంతో వినాలో ప్లెయింట్‌లోనే రాయాలని ఆర్డర్ 7, రూల్ 6 చెబుతుంది. విజయవాడలో ఎప్పుడు వేశారు, ఏ నంబరు, ఎందుకు అక్కడ వేశారు, ఎప్పుడు తిరిగి ఇచ్చారు అన్నవి ఒక పేరాలో స్పష్టంగా ఉండాలి. సద్బుద్ధి అనే మాటకు లిమిటేషన్ చట్టం ఇచ్చిన అర్థం కాస్త కఠినం. మనసు మంచిదైతే సరిపోదు, జాగ్రత్తగా, శ్రద్ధగా చేసిన పని అయి ఉండాలి. ప్రతివాది మీ మీద వేసే మొదటి బాణం ఇదే. స్థలం ఒంగోలులో ఉందని తెలిసి కూడా నిర్లక్ష్యంగా వేశారని అంటాడు. మీ జవాబు మీ కాగితాల్లోనే ఉంది: అగ్రిమెంట్‌లోని షరతు, లాయరు సలహా, ఇంతకాలం ఆయనే అభ్యంతరం చెప్పకపోవడం. ఇవన్నీ మీకు అనుకూలంగా ఉన్నాయి. ఆయన అభ్యంతరం పెట్టాక మీరు ఏళ్ల తరబడి మొండిగా కూర్చున్నా, ఇప్పుడు ఆర్డర్ తెలిశాక ఆలస్యం చేసినా మాత్రం ఆ బలం తగ్గిపోతుంది.

కాగితాలు ఇంకా చేతికి రాలేదన్నారు. ఇది మీకు కలిసొచ్చే సంగతి. ప్లెయింట్ తిరిగి ఇచ్చే ముందు కోర్టు తన నిర్ణయాన్ని వాదికి తెలపాలని రూల్ 10-ఏ చెబుతుంది. అప్పుడు మీరొక దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫలానా కోర్టులో దాఖలు చేస్తాను, అక్కడ ఇద్దరూ హాజరు కావలసిన తేదీ మీరే నిర్ణయించి ప్రతివాదికి నోటీసు ఇవ్వండి అని అడగాలి. ఇలా చేస్తే ఒంగోలులో సాధారణంగా మళ్లీ సమన్లు పంపే పని ఉండదు. తలుపు తాళం వేసి సమన్లు తప్పించుకునే ప్రతివాదుల వల్ల నెలలు ఎలా పోతాయో చూసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. కానీ దీనికొక మూల్యం ఉంది. ఈ దరఖాస్తు పెట్టి, కోర్టు దాన్ని మంజూరు చేస్తే, తిరిగి ఇచ్చిన ఆర్డర్ మీద అప్పీలు చేసే హక్కు మీకు పోతుంది. అందువల్ల ముందు అప్పీలు సంగతి తేల్చుకోవాలి.

రెండో దారి ఆ అప్పీలే. ప్లెయింట్ తిరిగి ఇచ్చే ఆర్డర్ మీద అప్పీలు ఉంది. జిల్లా కోర్టుకైతే 30 రోజుల్లో వేయాలి, హైకోర్టుకు వెళ్లాల్సిన విలువైతే 90 రోజులు. అందులో వాదించగలిగేది ఒక్కటే కనిపిస్తోంది. సెక్షన్ 16కు చివర ఒక మినహాయింపు ఉంది. ప్రతివాది చేతిలో ఉన్న ఆస్తి విషయంలో, అడిగిన ఉపశమనం పూర్తిగా అతని చేత పని చేయించడంతోనే దొరికేటట్టయితే, అతను ఉండే ఊళ్లో కూడా దావా వేయొచ్చు. రిజిస్ట్రేషన్ పత్రం మీద సంతకం పెట్టడం అతను చేయాల్సిన పనే కదా, స్వాధీనం అడగడం మానేసి విజయవాడలోనే ఉంటామని కొందరు వాదిస్తారు. గుర్‌గావ్ కేసులో ఈ వాదన నిలవలేదు. అక్కడా స్వాధీనం అడిగారు, ఆ స్వాధీనం ఇప్పించాలంటే ఢిల్లీ కోర్టు చేయి అక్కడికి చేరదు. మీరు స్వాధీనం వదులుకుంటే వాదనకు కొంత చోటు దొరకొచ్చు. అయితే రేపు కాగితం మీ పేరున, స్థలం ఆయన చేతిలో ఉండే పరిస్థితి రావచ్చు. స్వాధీనాన్ని ప్రత్యేకంగా అడిగితేనే ఇస్తామని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 22 చెబుతుంది. తర్వాత సవరణతో చేర్చుకోవచ్చు గానీ, చేర్చిన మరుక్షణం ఒంగోలు ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. అప్పీలులో గడిపిన కాలానికి కూడా సెక్షన్ 14 వర్తించవచ్చు. కానీ సుప్రీంకోర్టు తేల్చిన విషయం మీద అప్పీలు వేయడం శ్రద్ధ అవుతుందా అని రేపు ఎవరైనా అడిగితే, జవాబు చెప్పడం కష్టం. నేనైతే ఈ దారి పట్టను.

మూడోది, డబ్బు మాత్రమే వెనక్కి అడగడం. 9 లక్షలు వడ్డీతో ఇప్పించమని మాత్రమే అడిగితే అది స్థిరాస్తి దావా కాదు, సెక్షన్ 20 కింద విజయవాడలోనే వేసుకోవచ్చు. చూడ్డానికి హాయిగా ఉంటుంది. కానీ ఈ కొత్త దావాకు మూడేళ్ల ప్రశ్న మరింత గట్టిగా ఎదురవుతుంది. ఆ డబ్బు అడగడానికి విజయవాడ కోర్టుకు మొదటి నుంచీ అధికారం ఉంది కదా, మరి అధికారం లేని కోర్టులో పోరాడిన కాలం అని ఎలా మినహాయిస్తామని అడుగుతారు. స్థలం మీద ఆశ వదులుకోవడం, గడువు చిక్కు కొనితెచ్చుకోవడం రెండూ ఒకేసారి జరుగుతాయి. డబ్బు వెనక్కి ఇప్పించమన్న కోరికను ఒంగోలు దావాలోనే ప్రత్యామ్నాయంగా పెట్టండి. మీ పాత ప్లెయింట్‌లో అది ఉందో లేదో చూడండి. ఉంటే మరీ మంచిది.

బావగారు చెప్పిన వినియోగదారుల కమిషన్ సంగతికొస్తే, ఇక్కడ ప్రశ్న ఊరిది కాదు, వివాదం ఏ రకందన్నది. లేఅవుట్ వేసి, రోడ్లు, డ్రైనేజీ, అనుమతులు తెస్తామని చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్లు సేవ అందిస్తున్నట్టే లెక్క. వాళ్ల మీద ఫిర్యాదును కమిషన్లు వింటాయి. మీకు అమ్మే ఆయన తన సొంత ఖాళీ స్థలం అమ్ముతున్న మామూలు మనిషి. అందులో సేవ లేదు. కనుక ఇది కమిషన్ వినే వివాదం కాదు. జిల్లా కమిషన్‌లో 50 లక్షల వరకు చెల్లింపు ఉన్న ఫిర్యాదులు వేయొచ్చు, ఫిర్యాదుదారు ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు అని బావగారు చదివి ఉంటారు. ఆ రెండూ నిజమే. కానీ విలువ సరిపోయి, ఊరు సరిపోయి, విషయం సరిపోకపోతే ఆ తలుపు తెరుచుకోదు.

పైగా ఊరు, విలువ, విషయం అనే మూడు రకాల తప్పుల్లో విషయం తప్పడం చాలా ప్రమాదకరమైనది. విలువ తప్పుగా పడితే, ఎవరూ సమయానికి అభ్యంతరం పెట్టకపోతే, దానివల్ల ఎవరికీ నష్టం జరగకపోతే ఆ తీర్పు నిలబడిపోతుంది. విషయం మీద అధికారమే లేని చోట గెలిస్తే, ఆ గెలుపు ఉత్త కాగితం. అలాంటి డిక్రీ ఆది నుంచీ చెల్లనిదేనని, అమలు దశలో కూడా దాన్ని సవాలు చేయవచ్చని సుప్రీంకోర్టు 1954లోనే చెప్పింది. ఏళ్ల తరబడి తిరిగి, గెలిచి, డిక్రీ పట్టుకుని అమలుకు వెళ్లిన రోజున అవతలివాడు లేచి ఇది చెల్లదంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇక ఫీజు. 9 లక్షల మీద కడితే ఖర్చు తగ్గుతుందన్న ఆలోచన అర్థం చేసుకోగలను, కానీ కుదరదు. అమ్మకపు ఒప్పందం అమలు చేయించమని అడిగే దావాకు విలువ అంటే ఒప్పందంలోని పూర్తి ధర, 36 లక్షలు. మీరిచ్చింది 9 లక్షలా, బాకీ 27 లక్షలా అన్నది విలువను మార్చదు. తక్కువ చూపిస్తే సరిచేయమని కోర్టు గడువు ఇస్తుంది, సరిచేయకపోతే ప్లెయింట్‌ను తిరస్కరిస్తుంది. ఇంకో చిక్కు, తక్కువ విలువ చూపించి కింది మెట్టు కోర్టులో వేస్తే, నిజమైన విలువ తేలాక అక్కడి నుంచి మళ్లీ పైకి పంపుతారు. మీకున్న రెండు నెలల్లో ఇంకోసారి తప్పు కోర్టులో అడుగు పెట్టకూడదు. దావాను వినగలిగే కోర్టుల్లో అన్నిటికన్నా కింది మెట్టులో వేయాలని సెక్షన్ 15 చెబుతుంది. 36 లక్షలు ఏ మెట్టుకు వస్తుందో సివిల్ కోర్టుల చట్టంలో ఉంటుంది. ఈ పరిమితులను అప్పుడప్పుడు పెంచుతారు కాబట్టి పాత పుస్తకం చూసి నిర్ణయించొద్దని ఒంగోలులో మీరు పెట్టుకునే లాయరుకు చెప్పండి. విజయవాడలో కట్టిన ఫీజు వృథా కానక్కర్లేదు. తిరిగొచ్చిన అదే ప్లెయింట్‌ను, దాని మీదున్న స్టాంపులతో, కోర్టు ఎండార్స్‌మెంట్‌తో దాఖలు చేసి ఆ ఫీజును లెక్కలోకి తీసుకోమని కోరండి. ఆ ఎండార్స్‌మెంట్‌లో దాఖలైన తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ, దాఖలు చేసినవారి పేరు, కారణం ఉండాలి. కాగితాలు తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే ఒకసారి చదువుకోండి. మీ గడువు లెక్క మొత్తం ఆ రెండు తేదీల మీదే ఆధారపడి ఉంటుంది.

ఒంగోలులో దావా మొదటి నుంచీ నడుస్తుంది. తిరిగొచ్చిన ప్లెయింట్ దాఖలైతే అది కొత్త దావాయేనని, విచారణ ఎక్కడ ఆగిందో అక్కడ నుంచి కాక మొదటి నుంచి జరగాలని 2020లో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు బెంచి చెప్పింది. మీ చీఫ్ అఫిడవిట్ మళ్లీ వేయాలి. పాతదానికీ కొత్తదానికీ తేడా ఉంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో దాన్ని పట్టుకుంటారు, కాబట్టి పాతది పక్కన పెట్టుకుని రాయించండి. బాకీ 27 లక్షలు ఇవ్వడానికి మీరు మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నారని చూపే బ్యాంకు కాగితాలు కూడా సిద్ధం చేసుకోండి.

మీ ఉత్తరంలో మీరు అడగనిది, నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఒకటుంది. ఆ ఇంజంక్షన్. ప్లెయింట్ తిరిగి వెళ్లిన క్షణం, కోర్టు ప్రత్యేకంగా కొన్ని రోజులు పొడిగించకపోతే, అది కూడా పోతుంది. దావా నడుస్తోంది కదా, ఈలోగా అమ్మినా కొన్నవాడికి కోర్టు తీర్పు వర్తిస్తుందని మీకు ఎవరైనా ధైర్యం చెప్పి ఉండొచ్చు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ఆ రక్షణ ఇస్తుంది. కానీ దావా పెండింగ్‌లో ఉండడమనేది, అధికారం ఉన్న కోర్టులో ప్లెయింట్ వేసిన రోజు నుంచే మొదలవుతుందని అందులోనే వివరణ ఉంది. విజయవాడలో నడిచిన 14 నెలలకు మీకు ఆ రక్షణ ఉందని చెప్పలేం. ఒంగోలులో దాఖలైన రోజు నుంచే అది గట్టిగా మొదలవుతుంది. మధ్యలో ఈ ఒప్పందం సంగతి తెలియకుండా, డబ్బు పెట్టి, నిజాయితీగా కొన్న మూడో మనిషి వస్తే, అతని మీద మీ ఒప్పందం చెల్లదు. మీకు డబ్బు వాపసు తప్ప ఏమీ మిగలదు. ఆలస్యమైతే నేను ఎక్కువగా భయపడేది గడువు కన్నా దీనికే.

అందుకని ఈ రోజే ఆన్‌లైన్‌లోనో, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోనో ఆ స్థలానికి ఈసీ తీయించండి. దావా వేసిన రోజు నుంచి నిన్నటి దాకా ఏదైనా రిజిస్ట్రేషన్ జరిగిందేమో చూడండి. జరిగి ఉంటే కొన్న మనిషిని కూడా ఒంగోలు దావాలో ప్రతివాదిగా చేర్చాలి, మీ ఒప్పందం సంగతి అతనికి తెలుసని రుజువు చేసే దారి వెతకాలి. జరగకపోతే, విజయవాడ కోర్టులో రూల్ 10-ఏ దరఖాస్తుతో పాటు, మీరు ఒంగోలు చేరేవరకు ఇంజంక్షన్‌ను కొన్ని రోజులు పొడిగించమని అడగండి. ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. ఒంగోలులో ప్లెయింట్ దాఖలు చేసే రోజునే కొత్త ఇంజంక్షన్ పిటిషన్ కూడా జతచేయండి. మర్నాటికి వాయిదా వేసుకోవద్దు.

పాత లాయరు గారితో గొడవ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. మీకు కోపం ఉంటుంది, అందులో తప్పు లేదు. కానీ షరతు చూసి, ప్రతివాది నివాసం చూసి విజయవాడలో వేయమని తానే సలహా ఇచ్చానని ఆయన రాసి ఇచ్చే ఒక్క అఫిడవిట్, సెక్షన్ 14 కింద మీ సద్బుద్ధికి గట్టి సాక్ష్యం అవుతుంది. ఆయన దగ్గర నుంచి ఒరిజినల్ అగ్రిమెంట్, మీరు పంపిన లీగల్ నోటీసు, ఆ నోటీసు అందినట్టు పోస్టల్ రసీదు తీసుకోండి. ఆ అఫిడవిట్ కూడా అడిగి, ఈ వారంలోనే ఒంగోలు బయలుదేరండి.